ద్విభాషా పాఠ్యపుస్తకం: కొలత తెలుగుతో మొదలుపెట్టాలి

ద్విభాషా పాఠ్యపుస్తకం డీటీపీకి వచ్చినప్పుడు ఎక్కువగా జరిగేది ఇదీ. ముందు ఇంగ్లిష్ పాఠం సిద్ధమవుతుంది. దాన్ని పెట్టుకుని పేజీ నమూనా తయారుచేస్తారు: మార్జిన్ ఇంత, అక్షరం సైజు ఇంత, వరుసకీ వరుసకీ మధ్య ఎడం ఇంత. చూడటానికి బాగుంటుంది, అందరూ సరేనంటారు. ఆ తర్వాత తెలుగు అనువాదం వస్తుంది. దాన్ని కూడా అదే నమూనాలో పోస్తారు. పోయగానే పై వరుసలోని ఒత్తులు వచ్చి కింది వరుస గుడిదీర్ఘాల మీద కూర్చుంటాయి. ఇంగ్లిష్‌లో ఒక పేజీకి సరిపోయిన పాఠం తెలుగులో పక్క పేజీకి కారిపోతుంది. అక్కడినుంచి సర్దుబాట్లు మొదలు. తెలుగు సైజు ఒక పాయింటు తగ్గిస్తారు, సరిపోకపోతే ఇంకో అర పాయింటు, అదీ చాలకపోతే అక్షరాల వెడల్పు 95 శాతానికి నొక్కుతారు. పుస్తకం అచ్చయ్యేసరికి ఇంగ్లిష్ పేజీ హాయిగా ఊపిరి తీసుకుంటూ ఉంటుంది, తెలుగు పేజీ ఫుట్‌నోట్‌లా కనిపిస్తుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్‌గా ఉండే పుస్తకాలు వచ్చాక ఈ సమస్య చాలామంది డీటీపీ ఆపరేటర్లకు, ఎడిటర్లకు తెలిసొచ్చింది. కారణం ఆపరేటర్ చేతకానితనం కాదు, పనిని తప్పు కొసనుంచి మొదలుపెట్టడం. నిలువుగా ఎక్కువ జాగా అడిగేది తెలుగు. కాబట్టి ఫాంటు, వరుసల ఎడం, పేరాల అమరిక, మూడూ ముందు తెలుగుకు తేల్చుకుని ఇంగ్లిష్‌ను దానికి తగ్గట్టు కుదర్చాలి. ఇంగ్లిష్ ఎటు సర్దినా సర్దుకునే లిపి. వరుసల ఎడం రెండు పాయింట్లు పెరిగినా తగ్గినా చదవడానికి పెద్దగా ఇబ్బంది పెట్టదు. తెలుగుకు అంత వెసులుబాటు లేదు.

రెండు చోట్లా 12 అంటే ఒకే సైజు కాదు

ఫాంటు సైజు పెట్టెలో 12 అని కొట్టినంత మాత్రాన రెండు లిపులూ ఒకే ఎత్తులో కనిపించవు. పాయింటు సైజు అక్షరం ఎత్తును చెప్పదు. అక్షరం చుట్టూ ఫాంటు తయారుచేసినవాళ్లు ఊహించుకున్న డబ్బా ఎత్తును చెబుతుంది. ఇంగ్లిష్ అక్షరం ఆ డబ్బాలో చాలా భాగం ఆక్రమిస్తుంది. తెలుగు ఫాంటులో పైన గుడికీ, కింద ఒత్తుకీ చోటు వదలాలి కాబట్టి అసలు అక్షరానికి మిగిలేది ఎంతన్నది ఫాంటును బట్టి మారిపోతుంది. అందుకే ఒక తెలుగు ఫాంటు 12లో పెద్దగా, ఇంకొకటి అదే 12లో బక్కగా కనిపిస్తాయి.

దీన్ని కంటి అంచనాకు వదిలేయకుండా కొలుచుకోవచ్చు. వాడదలచిన రెండు ఫాంట్లనూ 100 పాయింట్లలో పెట్టి, ఇంగ్లిష్‌లో x అనే చిన్న అక్షరాన్ని, తెలుగులో ‘బ’ను ప్రింట్ తీసి స్కేలుతో కొలవాలి. ‘బ’నే ఎందుకంటే దానికి తలకట్టు లేదు, కింద ఏమీ వేలాడదు. అచ్చంగా అక్షరం ఒళ్లు ఎంతో అదే కనిపిస్తుంది. ఒక జతలో x 16 మిల్లీమీటర్లు, ‘బ’ 18 మిల్లీమీటర్లు వచ్చాయనుకుందాం. అంటే ఒకే పాయింటు సైజులో తెలుగు అక్షరం x కన్నా ఎనిమిదో వంతు మాత్రమే ఎత్తు. ఇది చాలదు. ఇంగ్లిష్ వరుసలో కంటికి కనిపించేది x ఎత్తు ఒక్కటే కాదు, పెద్ద అక్షరాలూ పైకి పొడుచుకొచ్చే గీతలూ కలిసి దాన్ని పెద్దగా చూపిస్తాయి. పైగా తెలుగు అక్షరం కడుపులో చుట్టలూ చుక్కలూ ఎక్కువ. అందుకని ‘బ’ ఎత్తు x కన్నా సుమారు ఐదో వంతు ఎక్కువ ఉంటే రెండు పేజీలూ ఒకే గొంతుతో మాట్లాడినట్టుంటాయి. తెలుగు 12 పాయింట్లు అనుకుంటే ‘బ’ 2.16 మిల్లీమీటర్లు. దాన్ని 1.2తో భాగిస్తే x ఎత్తు 1.8 మిల్లీమీటర్లు రావాలి, అంటే ఇంగ్లిష్ 11.25 పాయింట్లు. 11 పెట్టుకుంటే సరిపోతుంది. ఫాంటు మారితే ఈ లెక్క మళ్లీ మొదటినుంచీ చేసుకోవాల్సిందే. ఒక పుస్తకంలో కుదిరిన 12, 11 జతను ఇంకో ఫాంటుకు తగిలిస్తే కుదరదు.

ఫాంటులో చూడాల్సింది

ఫాంటు ఎంచుకునేటప్పుడు అందం గురించి చర్చ ఎక్కువ నడుస్తుంది. పాఠ్యపుస్తకానికి అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ‘అర్ధం’, ‘అర్థం’ వేరువేరుగా కనిపిస్తున్నాయా? మొదటిది సగం, రెండోది భావం. లెక్కల పుస్తకంలో రెండూ ఒకే పేజీలో రావచ్చు. వాటి మధ్య తేడా అల్లా ఒక చుక్క, అదీ అక్షరంలో కాదు, దాని కింద చిన్న సైజులో ఉండే ఒత్తు లోపల. 12 పాయింట్లలో ఆ చుక్క సూదిమొనంత ఉంటుంది. కాస్త సిరా పీల్చే కాగితం మీద ఒత్తు కడుపు పూడిపోయి రెండు మాటలూ ఒకటైపోతాయి. స్క్రీన్ మీద 200 శాతానికి పెంచి చూసేవాళ్లకు ఇది ఎప్పటికీ కనపడదు. అందుకే ఫాంటు పరీక్షకు ‘పదం, పథం, అర్ధం, అర్థం, రవి, పాఠం, డబ్బు, ఢంకా, పాపం, ఫలం, పాషాణం’ లాంటి మాటలను అసలు సైజులో, పుస్తకం అచ్చయ్యే కాగితం మీదే తీసి, చేయి చాచినంత దూరంలో పెట్టి చదవాలి. అక్షరాల గీతలు మరీ లావుగా ఉన్న ఫాంటు ఈ పరీక్షలో ముందు పోతుంది. సన్నని గీతకూ లావు గీతకూ మధ్య తేడా మరీ ఎక్కువ ఉన్న ఫాంటూ నిలబడదు. దాంట్లో సన్న గీతలు తెగిపోతాయి.

రెండో ప్రశ్న బోల్డ్ గురించి. పాఠ్యపుస్తకంలో కీలకపదాలు, ఉపశీర్షికలు, ప్రశ్నల నంబర్లు అన్నీ బోల్డ్ అడుగుతాయి. తెలుగు ఫాంట్లలో చాలావాటికి ఒకటే బరువు. Mandali, Suranna అలాంటివే. Tiro Telugu పుస్తకం అచ్చుకు చక్కగా ఉంటుంది, దాంట్లోనే ఇంగ్లిష్ అక్షరాలూ ఉంటాయి, కానీ బోల్డ్ లేదు. బోల్డ్ లేని ఫాంటుకు B బటన్ నొక్కితే కొన్ని సాఫ్ట్‌వేర్లు అక్షరం చుట్టూ గీత దట్టంచేసి బోల్డ్ అనిపిస్తాయి. ఆ గీత లోపలి వైపు కూడా పెరుగుతుంది కాబట్టి ఇందాకటి చుక్కలన్నీ మాయం. Noto Serif Telugu, Hind Guntur, Anek Telugu లాంటివాటికి నిజమైన బోల్డ్ ఉంది. మొత్తం పుస్తకానికి ఒకే కుటుంబం నుంచి మామూలు, బోల్డ్ రెండూ దొరికితే సగం టెన్షన్ తగ్గుతుంది. ఇటాలిక్ సంగతి ఇంకా తేలిక: తెలుగుకు ఆ సంప్రదాయం లేదు, వాలిన తెలుగు అక్షరం పడిపోబోతున్నట్టు ఉంటుంది. ఇంగ్లిష్ పేజీలో ఇటాలిక్ ఉన్నచోట తెలుగు పేజీలో కోట్ గుర్తులో, బోల్డో, రంగో వాడుకుంటే చాలు. ఏది వాడినా పుస్తకం పొడుగునా అదే ఉండాలి.

పాత ఫాంట్ల మాట కూడా చెప్పాలి. యూనికోడ్ కాని ఫాంట్లలో తెలుగు బొమ్మలు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో దాక్కుని ఉంటాయి. ఒక్క భాష పుస్తకానికి దాంతో ఎలాగో నెట్టుకొచ్చారు. రెండు భాషల ఫైల్లో మాత్రం ఎవరో అంతా సెలెక్ట్ చేసి ఫాంటు మార్చారంటే తెలుగు పేజీ అర్థంకాని ఇంగ్లిష్ గుర్తులైపోతుంది, లేదా ఇంగ్లిష్ పేజీ తెలుగు ముక్కలైపోతుంది. ఏ పేరా ఏ భాషదో ఫైలుకే తెలియదు కాబట్టి వెనక్కి రప్పించడం నరకం. ద్విభాషా పుస్తకానికి యూనికోడ్ తప్ప వేరే దారి లేదనే చెప్పాలి.

‘స్త్రీ’ మీద ‘స్త్రీ’

వరుసల ఎడం అంటే ఒక వరుస అక్షరాల అడుగు నుంచి కింది వరుస అక్షరాల అడుగు దాకా ఉండే దూరం. దాన్ని తేల్చడానికి ఒక్క మాట చాలు: స్త్రీ. కింద త ఒత్తు, దాంతోపాటు ర ఒత్తు, పైన గుడిదీర్ఘం. నిలువుగా తెలుగు అక్షరం ఎంత సాగగలదో దాదాపు అంతా ఇందులో ఉంది. ఈ మాటను వరుసంతా నింపి, అలాంటి వరుసలు ఐదారు ఒకదాని కింద ఒకటి పెట్టాలి. అప్పుడు ప్రతి ఒత్తు కిందా కచ్చితంగా ఒక గుడిదీర్ఘం ఉంటుంది. మామూలు పాఠంలో ఇలాంటి ఢీ ఎక్కడో పేజీకి రెండు మూడు చోట్ల జరుగుతుంది, ప్రూఫ్ చూసేవాళ్ల కళ్లు కప్పి దాటిపోతుంది. ఇక్కడ దాటిపోవడానికి వీల్లేదు. స్వాతంత్ర్యం, రాష్ట్రీయ, కక్ష్య అనే మాటలతో కూడా ఇంకో ముక్క తీసుకుంటే మంచిది. కొన్ని ఫాంట్లు రెండో ఒత్తును మొదటిదాని కిందికి దింపుతాయి, కొన్ని పక్కకు జరుపుతాయి. దింపే ఫాంటు చాలా ఎక్కువ జాగా తింటుంది.

ఆ ముక్కను 12 పాయింట్ల అక్షరంతో 14, 15, 16, 17, 18, 19 పాయింట్ల ఎడాలతో ప్రింట్ తీస్తే ఒకచోట సిరా సిరాకు తగులుతుంది. అది 15 దగ్గర అనుకుందాం. అలాగైతే 16 పెట్టేయొచ్చు కదా అనిపిస్తుంది. పెట్టకూడదు. తగలకపోవడం ఒక్కటే సరిపోదు. ఒత్తు ఏ అక్షరానిదో కంటికి వెంటనే తెలియాలి. ఒత్తుకూ దాని సొంత అక్షరానికీ మధ్య ఉన్న సందు కన్నా, ఒత్తుకూ కింది వరుస గుడికీ మధ్య ఉన్న సందు తక్కువైతే, చదవడం నేర్చుకుంటున్న పిల్లల కన్ను ఆ ఒత్తును కింది వరుసకు అంటగడుతుంది. పెద్దవాళ్లకు మాట ముందే తెలుసు కాబట్టి కన్ను సర్దుకుంటుంది. పిల్లలకు ఆ మాటే కొత్త. కాబట్టి తగిలిన కొలత దగ్గర ఆగకుండా, కింది సందు పై సందు కన్నా స్పష్టంగా పెద్దదయ్యేదాకా పెంచుకుంటూ పోవాలి. మన ఉదాహరణలో అది 18 దగ్గర తేలుతుంది, అంటే అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు. చాలా తెలుగు ఫాంట్లకు పాఠ్యపుస్తకంలో ఒకటిన్నర చుట్టుపక్కలే కుదురుతుంది. అంతకన్నా తగ్గితే ఏ ఫాంటు, ఎందుకు అని అడగాలి.

సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఇచ్చే ఎడాన్ని నమ్మితే ఇదంతా వృథా. ఇక్కడో తమాషా ఉంది, ఒక్కో ప్రోగ్రాం ఒక్కో వైపు తప్పు చేస్తుంది. ఇన్‌డిజైన్‌లో ఆటో ఎడం అక్షరం సైజుకు 120 శాతం, ఫాంటు ఏదైనా సరే. 12 పాయింట్ల తెలుగుకు 14.4 వస్తుంది, స్త్రీ మీద స్త్రీ ఎక్కి కూర్చుంటుంది. వర్డ్ దీనికి ఉల్టా. అక్కడ సింగిల్ ఎడం ఫాంటు లోపల రాసి ఉన్న కొలతలను బట్టి వస్తుంది. తెలుగు ఫాంట్లలో ఆ కొలతలు పెద్దవి. దాంతో ఇంగ్లిష్ పేరాలో ఎక్కడో ఒక్క తెలుగు మాట పడితే ఆ ఒక్క వరుస దగ్గర మాత్రం ఎడం పెరిగిపోతుంది. పేజీని చేయి చాచి కళ్లు కాస్త చికిలించి చూస్తే ఇలాంటి వరుసలు గళ్ల బట్టలో తప్పిన పోగులా బయటపడతాయి. రెండింటికీ మందు ఒకటే: ప్రతి పేరా స్టైల్‌లో ఎడాన్ని స్థిరమైన అంకెగా రాసిపెట్టడం. వర్డ్‌లో దాని పేరు Exactly, లిబ్రాఫీస్‌లో Fixed. ఇన్‌డిజైన్‌లో ఇంకో సంగతి కూడా చూసుకోవాలి, పేరాకు World-Ready Composer ఎంచుకోకపోతే ఒత్తులు కిందికి దిగకుండా పొల్లుతో పక్కన నిలబడే ప్రమాదం ఉంది. ఎడం సంగతి దేవుడెరుగు, అక్షరమే తప్పు.

తెలుగుకు 18 తేలాక ఇంగ్లిష్‌కు ఎంత? 11 పాయింట్ల ఇంగ్లిష్‌కు 18 పెడితే వరుసలు విడివిడిగా తేలుతాయి. 13 పెడితే పక్క తెలుగు పేజీతో పోలిస్తే నల్లగా ముద్దగా ఉంటుంది. 15 అన్నివిధాలా కుదిరే అంకె. ఐదు తెలుగు వరుసలు 90 పాయింట్లు, ఆరు ఇంగ్లిష్ వరుసలూ 90 పాయింట్లే. ప్రతి ఐదో తెలుగు వరుస ప్రతి ఆరో ఇంగ్లిష్ వరుసతో సమానంగా ముగుస్తుంది. ఎవరూ లెక్కపెట్టి చూడరు గానీ, పుస్తకం తెరిచినప్పుడు రెండు పేజీలూ ఒకే నేల మీద నిలబడ్డట్టు అనిపించడానికి ఇలాంటి లెక్కే కారణం.

పేరాకు పేరా ఎదురెదురుగా

ఇప్పుడు ఒక సైన్స్ పాఠంలో ఒక జత పేజీలను కూర్చి చూద్దాం. అచ్చయ్యే భాగం 140 మిల్లీమీటర్ల వెడల్పు, 200 మిల్లీమీటర్ల ఎత్తు. 200 మిల్లీమీటర్లంటే 567 పాయింట్లు. తెలుగు 31 వరుసలు పడతాయి, ఇంగ్లిష్ 37 పడతాయి. పాఠంలో నాలుగు పేరాలున్నాయి. మొదటి పేరా తెలుగులో 6 వరుసలు, ఇంగ్లిష్‌లో 7. అంటే 108, 105 పాయింట్లు. దాదాపు సమానం. రెండో పేరా రెండు భాషల్లోనూ 9 వరుసలు, కానీ తెలుగుకు 162 పాయింట్లు, ఇంగ్లిష్‌కు 135. 27 పాయింట్ల తేడా వచ్చింది. పేరాలను ఎవరి దారిన వాళ్లు పొమ్మంటే మూడో పేరా ఇంగ్లిష్‌లో 30 పాయింట్లు ముందే మొదలవుతుంది. నాలుగో పేరాకు వచ్చేసరికి ఎడమ పేజీలో వేలు పెట్టిన పిల్లవాడికి కుడి పేజీలో అదే విషయం ఎక్కడుందో దొరకదు. ద్విభాషా పుస్తకం పెట్టుకున్న ప్రయోజనమే అక్కడ పోయింది.

అందుకే ఒకే విషయం చెప్పే తెలుగు, ఇంగ్లిష్ పేరాల జతలో పొడుగైన పేరా ముగిసేచోటును ఇద్దరికీ ముగింపుగా తీసుకోవాలి. అక్కడినుంచి 9 పాయింట్లు, అంటే తెలుగు వరుసలో సగం వదిలి రెండు పేజీల్లోనూ తర్వాతి పేరాను ఒకే ఎత్తులో మొదలుపెట్టాలి. మొదటి జత 108 దగ్గర ముగిస్తే రెండో జత 117 దగ్గర మొదలు. రెండో జత తెలుగులో 279 దగ్గర ముగుస్తుంది, మూడోది రెండు పక్కలా 288 దగ్గర మొదలు. ఇంగ్లిష్ రెండో పేరా కింద రెండు వరుసలకు కాస్త తక్కువ ఖాళీ అదనంగా మిగులుతుంది. అది కనిపిస్తుంది, కనిపించనివ్వండి. ఆ ఖాళీని దాచడానికి ఇంగ్లిష్ వరుసలను సాగదీస్తే పేజీలో ఒక్కో పేరా ఒక్కో రకంగా ఉండి అంతకన్నా వికారంగా తయారవుతుంది.

మిగిలిన రెండు పేరాలు తెలుగులో 7, 8 వరుసలు. 288కి 126 కలిపి, 9 వదిలి, 144 కలిపితే సరిగ్గా 567. పేజీ నిండిపోయింది, బొమ్మకు చోటు లేదు. ఇంగ్లిష్ పేజీలో మాత్రం అక్కడక్కడ ఖాళీ ఉంది. ‘ఇంగ్లిష్‌లో సరిపోయింది కదా’ అని తెలుగు నొక్కడం మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. 18ని 16 చేస్తే 60 పాయింట్లు మిగులుతాయి, చిన్న బొమ్మ పడుతుంది. దాని బదులు చేయాల్సింది, పాఠాన్ని పేజీలుగా పంచేటప్పుడే తెలుగు వరుసలను లెక్కపెట్టడం. ఈ పేజీకి బొమ్మ కావాలంటే నాలుగో జతను తర్వాతి పేజీకి పంపాలి. బొమ్మ రెండు పేజీల్లోనూ ఒకే ఎత్తులో రావాలి, లేదా ఒకే పెద్ద బొమ్మ రెండు పేజీల మీదుగా పరుచుకుని రెండు భాషల్లో పేర్లు పెట్టించుకోవాలి. రెండోదాంట్లో బైండింగ్ మడతలో ఏమీ పడకుండా చూసుకుంటే చాలు. పేజీలు పెరుగుతాయన్నది నిజమే. ఆ లెక్క మొదట్లోనే తెలిస్తే ప్రచురణకర్త పాఠం కుదిస్తారో, పేజీలు పెంచుతారో తేల్చుకోవచ్చు. చివర్లో తెలిస్తే కోత పడేది తెలుగుకే.

పేరా మొదట్లో కొంత జరిపి రాయడం తెలుగు పుస్తకాలకు అలవాటే. ఎదురుపేజీల అమరికలో పేరాల మధ్య ఖాళీ ఎలాగూ ఉంటుంది కాబట్టి జరపడం అనవసరం. రెండూ పెడితే పేజీ చెదిరినట్టు ఉంటుంది. దానికి బదులు మార్జిన్‌లో ప్రతి జతకూ చిన్న అంకె, రెండు పక్కలా అదే అంకె వేస్తే ‘మూడో పేరా చూడండి’ అనడం టీచర్‌కు తేలికవుతుంది. పేరాలు కూడా తెలుగులో ఏడెనిమిది వరుసలు దాటకుండా రాయించుకోవాలి. పేరా పొడుగయ్యే కొద్దీ రెండు భాషల తేడా పోగుపడుతుంది.

పొడుగు మాటలు, ఇరుకు కాలమ్‌లు

ఒకే పేజీని నిలువునా చీల్చి ఎడమ సగం తెలుగు, కుడి సగం ఇంగ్లిష్ పెట్టమని కొందరు అడుగుతారు. 140 మిల్లీమీటర్లలో మధ్య సందు పోను ఒక్కో కాలమ్ 67 మిల్లీమీటర్లు. 12 పాయింట్ల తెలుగులో వరుసకు ఇరవై అక్షరాల చుట్టూ పడతాయి. ‘కిరణజన్యసంయోగక్రియ’ ఒక్కటే పది అక్షరాలు. దాని పక్కన ‘తయారుచేసుకుంటాయి’ వస్తే వరుస అయిపోయినట్టే. తెలుగు విభక్తులనూ సహాయక్రియలనూ మాటకే అతికించుకుంటుంది కాబట్టి మాటలు తక్కువ, పొడుగు ఎక్కువ. వరుసలో రెండు మూడు మాటలే ఉన్నప్పుడు రెండు అంచులూ సమం చేయమంటే సాఫ్ట్‌వేర్ ఆ ఒకటి రెండు సందులనే సాగదీస్తుంది. పేజీ మధ్యలో తెల్లని కాలవలు పారుతాయి. ఇరుకు కాలమ్ తప్పదంటే కుడి అంచును ఎగుడుదిగుడుగా వదిలేయడమే మేలు. చిన్న తరగతులకైతే వెడల్పు పేజీలో కూడా అదే మంచిది, వాళ్లకు మాట విరగకుండా ఉండటం ముఖ్యం.

పెద్ద తరగతుల్లో మాట విరచాల్సి వస్తే అక్షరం దగ్గరే విరవాలి, హల్లునూ దాని ఒత్తునూ విడదీయకూడదు. తెలుగు అచ్చులో గీత లేకుండా విరిచే అలవాటు పాతదే. ఎదురుగా ఇంగ్లిష్ పేజీలో గీతతో విరిగిన మాటలు ఉంటే మాత్రం తెలుగులోనూ గీత పెట్టడం పిల్లలకు అయోమయం లేకుండా చేస్తుంది.

ఇక ద్విభాషా పుస్తకాల్లో ఎక్కువ దొర్లే తప్పు కంటికి కనపడని గుర్తు ఒకటి పోవడం వల్ల వస్తుంది. ‘హైడ్రోజన్‌తో’ అని రాయాలంటే న పొల్లు తర్వాత U+200C అనే వెడల్పు లేని గుర్తు ఉండాలి. అది పోతే ‘హైడ్రోజన్తో’ అవుతుంది, న కింద త ఒత్తు చేరి చదవబోయేవాడి నాలుక మడతపడుతుంది. ‘సాఫ్ట్‌వేర్’ కూడా అంతే. ఒక ప్రోగ్రాం నుంచి ఇంకోదానికి కాపీ చేసేటప్పుడు, పాత ఫాంటు నుంచి యూనికోడ్‌కు మార్చేటప్పుడు ఈ గుర్తు నిశ్శబ్దంగా రాలిపోతుంది. సైన్స్ పుస్తకంలో ఇలాంటి మాటలు పేజీకి పది ఉండొచ్చు. పేజీలు కూర్చాక ప్రూఫ్‌లో ఒక్కొక్కటీ దిద్దితే వరుసలు కదులుతాయి, కాబట్టి పోయకముందే ఫైల్లో ‘న్త’, ‘ట్వ’, ‘ట్బ’ లాంటి జంటలను వెతికి సరిచూసుకోవాలి. ‘అన్నింట్లో’, ‘ఖట్వాంగం’ లాంటి మాటల్లో ఒత్తు ఉండాల్సిందే కనుక అన్నిటినీ ఒకేసారి మార్చేయడం కుదరదు.

CO₂ లాంటి ఫార్ములాలు, అంకెలు, కొలతల గుర్తులు రెండు పేజీల్లోనూ ఒకే ఫాంటు నుంచి రావాలి, ఇంగ్లిష్ ఫాంటు నుంచి వస్తే మంచిది. తెలుగు ఫాంటులోని 5, ఇంగ్లిష్ ఫాంటులోని 5 వేరే ఆకారంలో ఉంటే చిన్న పిల్లలు అవి రెండు వేరు గుర్తులనుకుంటారు. కామా, ఫుల్‌స్టాప్, కోట్ గుర్తులు మాత్రం ఏ పేజీలోవి ఆ భాష ఫాంటువే ఉండాలి, వాటి లావు పక్కన ఉన్న అక్షరంతో కలవాలి కాబట్టి.

కింద కాస్త చోటున్న ఇంకో జత పేజీల్లో, ప్రూఫ్ దిద్దుబాట్లలో తెలుగు మూడో పేరాకు ఒక్క వరుస పెరిగిందనుకోండి. పై లెక్క ప్రకారం నాలుగో జత రెండు పక్కలా 18 పాయింట్లు కిందికి జరగాలి. తెలుగు పక్కన జరిగి ఇంగ్లిష్ పక్కన జరగకపోతే ఆపరేటర్‌కు తెలియదు, ఎందుకంటే ఆయన స్క్రీన్ మీద అప్పుడున్నది తెలుగు పేజీ ఒక్కటే. చివరి ప్రూఫ్‌ను విడి కాగితాలుగా చూడకుండా, రెండు పేజీలనూ పక్కపక్కన టేపుతో అతికించి, ప్రతి మార్జిన్ అంకె దగ్గర పొడుగు స్కేలును అడ్డంగా పెట్టి చూస్తే అది అర నిమిషంలో దొరుకుతుంది.